సముద్రం జాగ్రత్తల మీద ఐదు నిమిషాల మాట: ప్రశ్నతో మొదలుపెట్టాలా, ఆశ్చర్యపరిచే నిజంతోనా?

ఎంవీపీ_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఈసారి కార్తీక వనభోజనాలకి యారాడ వెళ్తున్నాం. బస్సులు ఎక్కే ముందు కింద సెల్లార్లో అందరూ చేరతారు. అప్పుడు సముద్రం దగ్గర ఎలా ఉండాలో ఐదు నిమిషాలు చెప్పమని నాకు అప్పజెప్పారు. వినేవాళ్లలో బామ్మలున్నారు, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లున్నారు, చిన్నపిల్లలున్నారు. మైకు ఉంటుంది, తెర ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది రిప్ కరెంట్ గురించి. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి వెళ్లేటప్పుడు ఒక సన్నటి దారి చేసుకుని పోతాయి. ఆ దారిలో నిలబడితే మనిషిని లోపలికి తీసుకుపోతుంది. మొదటి మాట ఎలా ఉండాలన్న దగ్గరే ఆగిపోయాను. రెండు అనుకున్నాను.

ఒకటి: “మీలో ఎంతమందికి సముద్రం అంటే ఇష్టం? చేతులెత్తండి.”

రెండోది: “1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. దాని శిథిలాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అంత పెద్ద జలాంతర్గామినే మింగిన సముద్రం మనల్ని వదులుతుందా?”

ఏది మంచిదంటారు?

గాజువాక_రవి

మొదటిదే అండి, ఆలోచించక్కర్లేదు. నేను సేల్స్ వాళ్లకి ట్రైనింగ్ ఇస్తుంటాను. ఎప్పుడైనా ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. చెయ్యి ఎత్తిన మనిషి ఇక ఫోను చూసుకోడు, మీతో కలిసిపోతాడు. నిజం చెప్పారనుకోండి, “ఓహో అలాగా” అని విని ఊరుకుంటారు. ప్రశ్న వేస్తే వాళ్ల చేత ఏదో ఒకటి చేయించినట్టు.

కంచరపాలెం_సేఫ్టీ

నేను ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను. షిఫ్టు మొదలయ్యే ముందు రోజూ మాట్లాడతాం. మా దగ్గర ప్రశ్నలూ వింతలూ ఏవీ ఉండవు. ఏటి చెయ్యాలో, ఏటి చెయ్యకూడదో ముందే చెప్పేస్తాం. “లైఫ్‌గార్డు లేనిచోట ఎవరూ నీళ్లలో దిగొద్దు” అని మొదటి వాక్యంలోనే అనేయండి. బస్సు హారన్ కొడుతుంటే కథలు వినేదెవరు?

పాత_మాస్టారు

సెక్రటరీ గారూ, కాలేజీ పిల్లల్ని వక్తృత్వ పోటీలకి తయారుచేస్తూ చాలా ఏళ్లు గడిపాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ప్రశ్నా నిజమా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు మీరు చెప్పదలుచుకున్నదాన్ని ఒక్క వాక్యంగా కాగితం మీద పెట్టండి. “రిప్ కరెంట్ గురించి” అన్నది విషయమే గాని సందేశం కాదు. విన్న మనిషి యారాడలో బస్సు దిగాక ఏం చెయ్యాలి? అది వాక్యంలో ఉండాలి. ఉదాహరణకి: “ప్రశాంతంగా కనిపిస్తోంది కదా అని నీళ్లలో దిగకండి, ముందు ఒడ్డున నిలబడి కాసేపు అలల్ని చూడండి, అక్కడివాళ్లని అడగండి.”

ఆ వాక్యం రాశాక ఒకటి ఆలోచించండి. మీ జనం ఇప్పటికే ఏ నమ్మకంతో ఉండబట్టి ఈ పని చెయ్యరు? ఇక్కడ ఆ నమ్మకం తెలుస్తూనే ఉంది: అలలు ఎగసిపడేచోట ప్రమాదం, నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట క్షేమం అనుకుంటారు. రిప్ కరెంట్ దానికి సరిగ్గా అడ్డం తిరుగుతుంది. అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగ కడుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం అలలు విరక్కుండా, కాస్త ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తుంది. చాలాసార్లు వెనక్కి లాగే దారి అదే. అక్కడ అడుగు లోతుగా ఉంటుంది కాబట్టి అల విరగదు, అంతే. పిల్లల్ని తీసుకుని ఇసుక మీద నడిచే తండ్రి ఆ నిమ్మళమైన చోటునే వెతుక్కుంటాడు.

మొదటి మాట ఆ నమ్మకాన్ని కదపాలి. మీ రెండు ఆరంభాలూ దాన్ని తాకవు. “సముద్రం ఇష్టమా” అంటే అందరూ చేతులెత్తుతారు. ఆ తర్వాత మీరేం చెయ్యాలి? “ఇష్టమే గాని జాగ్రత్త” అని ఒక వంతెన కట్టుకోవాలి. అదే ప్రశ్నని పర్యాటకం మీద, ప్లాస్టిక్ మీద, చేపల కూర మీద మాట్లాడేవాళ్లు కూడా వాడుకోవచ్చు. ఏ ఉపన్యాసానికైనా అతికేది మీ ఉపన్యాసానికి అతకనట్టే.

ఘాజీది ఇంకో ఇబ్బంది. అది మరీ ఆసక్తికరం. మీ కుర్రాళ్లు వెంటనే యుద్ధంలోకి వెళ్లిపోతారు. అది ఎలా మునిగింది, ఎవరు ముంచారు, ఆర్కే బీచ్‌లో ఉన్నది అదేనా (అది మన కురుసుర, వేరే). మీరు రిప్ కరెంట్ దగ్గరికి వచ్చినా వాళ్లు రారు. పైగా ఘాజీని ముంచింది అలలు కావు, నీళ్ల ప్రవాహమూ కాదు. పోలికే తప్పు. మీ సెల్లార్లో నేవీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకరుంటే అక్కడే లేచి సరిదిద్దుతారు.

గాజువాక_రవి

మాస్టారూ, నేను అన్నదీ అదే కదా, ప్రశ్న పనిచేస్తుందని. ప్రశ్న మారిస్తే సరిపోతుంది.

పాత_మాస్టారు

రవి గారూ, “ఎప్పుడైనా ప్రశ్నే” అన్న చోట నాకు పేచీ. వినేవాళ్లు ధైర్యంగా ఒక జవాబు చెప్పగలిగి, అది తప్పయినప్పుడు ప్రశ్నకి బలం వస్తుంది. వాళ్లకి ఊహే లేని విషయమైతే ప్రశ్న వేసి లాభం లేదు. “రిప్ కరెంట్ సెకనుకి ఎన్ని అడుగులు పోతుంది?” అని అడిగారనుకోండి, ఎవరికీ ఏ అంకే తట్టదు, మొహమొహాలు చూసుకుంటారు. అలాంటిదాన్ని ప్రశ్నగా కాకుండా నిజంగానే చెప్పాలి. అంటే ఏది ఎంచుకోవాలన్నది వినేవాడి బుర్రలో ముందే ఏముందన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక్కడ తప్పు ఊహ ఉంది. అందుకని ప్రశ్న నప్పుతుంది. తెర లేదన్నారు, ఫరవాలేదు, మాటతోనే బొమ్మ కట్టండి: “మీరు ఒడ్డున నిలబడ్డారు. ఎడమ పక్క అలలు నురగలు కక్కుతున్నాయి. కుడి పక్క నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. మీ పాపని ఏ పక్క దింపుతారు?”

అని ఆగండి. రెండు ఊపిరులంత సేపు. ఆ తర్వాత సందేశానికి ఒక్క వాక్యం చాలు: “మనలో చాలామంది ఎంచుకునే ఆ కుడిపక్కే మనిషిని లోపలికి తీసుకుపోయే దారి కావచ్చు.” వంతెనకి రెండు మూడు వాక్యాలు కావలసి వస్తోందంటే ఆరంభం ఎక్కడో దూరంగా ఉందని గుర్తు.

లక్ష్మి_సీతమ్మధార

మంచి విషయం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో సముద్రంలో ప్లాస్టిక్ మీద మాట్లాడాలి. “2050 నాటికి సముద్రంలో చేపలకన్నా ప్లాస్టిక్ ఎక్కువ ఉంటుంది” అని మొదలుపెట్టమని టీచరు చెప్పారట. ఇది బాగుందా? అందరూ ఇదే చెబుతున్నారు గాని.

భీమిలి_అల

ఆగండి, ప్లాస్టిక్ సంగతి తర్వాత. మాస్టారి ప్రశ్నలో ఒక ప్రమాదం ఉంది, అది ముందు చెప్పాలి.

మేం సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాళ్లం. ఆ ప్రశ్న విని “కుడి పక్క తప్పు” అని చెప్పగానే వినేవాడికి ఏం అర్థమవుతుంది? “ఓహో, అయితే ఎడమ పక్క దిగొచ్చు.” నురగలున్న చోట పాపని దింపుతాడు! మన తీరంలో చాలాచోట్ల ఇసుక ఒక్కసారిగా లోపలికి జారిపోయి ఉంటుంది. అల ఒడ్డు మీదే విరిగిపడుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ పెద్దమనిషినే పడేసి, వెనక్కి పోతూ ఈడ్చుకెళ్తుంది. చిన్నపిల్ల సంగతి చెప్పక్కర్లేదు. రెండు పక్కలా ప్రమాదమే, తీరు వేరు.

ఇంకోటి. నిమ్మళంగా ఉన్నదల్లా రిప్ కాదు. రిప్ అన్నీ నిమ్మళంగానూ ఉండవు. ఒక్కోసారి అక్కడ నీళ్లు కలగాపులగంగా ఉంటాయి, ఇసుకతో మట్టిరంగు తేలి ఉంటాయి, నురగా చెత్తా ఒక గీతలాగ లోపలికి కొట్టుకుపోతూ కనపడతాయి. నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. మేం ఒడ్డున నిలబడి చూసేది ఆ కదలికనే.

పాత_మాస్టారు

భీమిలి గారూ, చాలా విలువైన మాట చెప్పారు. ఆరంభం రెండు సందేశాలు మోస్తుంది. ఒకటి మనం ఉద్దేశించినది, రెండోది విన్నవాడు తనంతట తాను తీసుకునేది. పోటీల్లో రెండోది తప్పినా మహా అయితే మార్కులు పోతాయి. ఇక్కడ అలా కాదు. పిల్లలు ఐదు నిమిషాల్లో మొదటి అరనిమిషమే గుర్తుంచుకుని వెళ్తారు, ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఆ ముక్కే చెబుతారు. కాబట్టి ఆరంభాన్ని విడిగా తీసి, అది మాత్రమే విన్న మనిషి ఏం చేస్తాడో ఊహించుకోవాలి. మీరు చెప్పినట్టు వాడు పాపని నురగలోకి దింపితే ఆ ప్రశ్న పనికిరాదు.

అందుకని “ఎక్కడ దింపుతారు” అన్నది తీసేద్దాం. ఎంపికని ప్రమాదం వైపు తిప్పుదాం: “మనిషిని సముద్రంలోకి లాక్కుపోయేది ఈ రెండిట్లో ఏది?” అప్పుడు జవాబు తప్పని తేలినా రెండోది క్షేమం అన్న అర్థం అంత తేలిగ్గా రాదు.

భీమిలి_అల

ఇది నయం. అయినా “రెండు చోట్లా దిగొద్దు, లైఫ్‌గార్డుని అడిగి దిగు” అన్న ముక్క వెంటనే అనాలి. ఆలస్యం చెయ్యకూడదు.

ఇంకో విషయం. సెక్రటరీ గారు “మింగేస్తుంది” అన్నారు. చాలామంది రిప్ మనిషిని కిందికి లాగుతుందనుకుంటారు. కిందికి కాదు, లోపలికి, సముద్రం వైపు తీసుకుపోతుంది. మనిషి భయపడి ఒడ్డుకేసి ఎదురీది, అలిసిపోయి మునుగుతాడు. ఈ తేడా తెలిస్తే తేలుతూ ఉండొచ్చన్న ధైర్యం వస్తుంది. కిందికి లాగుతుందని భయపెట్టి మొదలుపెడితే, తర్వాత “కంగారు పడకుండా తేలండి” అన్నా ఎవరూ నమ్మరు.

కంచరపాలెం_సేఫ్టీ

భీమిలి అన్న అన్నదే నేనూ అంటున్నాను. చివరికి అందరూ “లైఫ్‌గార్డుని అడిగి దిగు” దగ్గరికే వస్తున్నారు. అదే మొదట చెప్పొచ్చు కదా? చుట్టూ తిరగడం దేనికి?

పాత_మాస్టారు

మీ షిఫ్టు మాటకీ దీనికీ ఒక తేడా ఉంది సేఫ్టీ గారూ. మీ కార్మికుడికి ఆ యంత్రం ప్రమాదమని తెలుసు, నియమం గుర్తుచేస్తే చాలు. అక్కడ సూటిగా చెప్పడమే సరైనది, ఆరంభం కోసం నిమిషం ఖర్చుపెట్టడం దండగ. వీళ్లకి మాత్రం ఆ నిమ్మళమైన నీళ్లు ప్రమాదమనే తెలియదు. “లైఫ్‌గార్డు లేనిచోట దిగొద్దు” అని మొదలుపెడితే ప్రతివాడూ “అది ఈత రానివాళ్లకి, నాకు కాదు” అనుకుంటాడు. తన కన్నే తనని మోసం చేస్తుందని తెలిశాకే అడగాలనిపిస్తుంది.

కంచరపాలెం_సేఫ్టీ

ఈత వచ్చినోడి సంగతి ఒప్పుకుంటాను. మా కుర్రాళ్లూ అలాగే అంటారు. కానీ హారన్ మోగుతుంటే ముందు నియమం పడిపోవాలన్న మాట మీదే ఉన్నాను.

ఎంవీపీ_సెక్రటరీ

అందరికీ కృతజ్ఞతలు. ఈత వచ్చిన కుర్రాళ్ల గురించే నాకు బెంగ. వాళ్లకోసం “రిప్ కరెంట్ ఒలింపిక్ ఈతగాడికన్నా వేగంగా పోతుంది” అన్న మాటతో మొదలుపెడితే? ఇది ఆశ్చర్యం కలిగించే నిజమే కదా?

భీమిలి_అల

నిజమే, కానీ సగం. మామూలుగా సెకనుకి ఒకటి రెండు అడుగులే ఉంటుంది. ఎనిమిది అడుగుల దాకా కొలిచారు, ఒలింపిక్ ఈతగాడి మాట అక్కడి నుంచి వచ్చింది. ప్రతి రిప్పూ అంత వేగం కాదు.

పాత_మాస్టారు

అయితే “ఒక్కోసారి” అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. ఆ మాట చేరిస్తే ఆరంభానికి పదును తగ్గుతుంది. తీసేస్తే అబద్ధమవుతుంది. పదును కోసం షరతు తీసెయ్యాల్సి వస్తే ఆ నిజం మొదట్లో పెట్టే రకం కాదు. మధ్యలో పెట్టండి, అక్కడ షరతుతో సహా చక్కగా ఒదుగుతుంది: “మామూలు రోజున సెకనుకి ఒకటి రెండు అడుగులు. ఒక్కోసారి ఎనిమిది అడుగుల దాకా, అంటే ఒలింపిక్ ఈతగాడూ ఎదురీదలేడు. అందుకే ఒడ్డుకేసి ఈదకండి. తేలండి, చెయ్యి ఊపి పిలవండి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి.” ఈ వరసలో ఆ అంకె ఒక పనికి కారణంగా నిలబడింది. మొదట్లో పెడితే వట్టి వింతగా మిగిలేది.

లక్ష్మి గారి అమ్మాయి సంగతీ ఇలాంటిదే. ఆ 2050 మాట 2016లో వచ్చిన ఒక నివేదికలోది, బరువు లెక్కన వేసిన అంచనా. సముద్రంలో చేపలెన్నో కచ్చితంగా తూచినవాళ్లు లేరు, అందుకే దాని మీద విమర్శలు వచ్చాయి. పోటీలో జడ్జి “ఎవరు చెప్పారమ్మా” అని అడిగితే పాప ఇబ్బంది పడుతుంది. అసలు పాప ఏం చెయ్యమని చెబుతోంది?

లక్ష్మి_సీతమ్మధార

ప్లాస్టిక్ వాడొద్దు అనే అండి.

పాత_మాస్టారు

అది చాలా వెడల్పు. ఒక్క పని ఎంచుకోమనండి. బీచ్‌కి వెళ్లినప్పుడు తినుబండారాల కవర్లు ఇంటికి తెచ్చుకోవడం అనుకోండి. అప్పుడు వినే పిల్లలకి దగ్గరగా ఉన్న ప్రశ్న దొరుకుతుంది: “నిన్న సాయంత్రం మీరు బీచ్‌లో తిన్న మొక్కజొన్న పొత్తు పెట్టి ఇచ్చిన కవరు ఇప్పుడు ఎక్కడుంది?” జవాబు ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే విషయం.

లక్ష్మి_సీతమ్మధార

మా అమ్మాయికి చదివి వినిపించాను. “అందరూ మొక్కజొన్న తినరు కదా” అంటోంది. ఇంకొంచెం ఆలోచిస్తాం.

గాజువాక_రవి

మాస్టారూ, ఒకటి అడుగుతాను. సెల్లార్లో ఎవరో పెద్దాయన “నిమ్మళంగా ఉన్నదే ప్రమాదం” అని టక్కున సరైన జవాబు చెప్పేస్తే? మొత్తం ఆరంభం పోయినట్టే కదా. నాకు ట్రైనింగుల్లో ఇలా అయిపోతుంటుంది. అందుకే నేను అందరూ అవునని చెయ్యెత్తే ప్రశ్నలే వేస్తాను.

పాత_మాస్టారు

పోదు. ఆయన్నే అడగాలి: “మీకెలా తెలుసండీ?” ఆయన నేవీ నుంచో, చేపలవాడ నుంచో అయివుంటారు. ఆయన చెప్పే రెండు ముక్కలు సెక్రటరీ గారి పది వాక్యాలకన్నా గట్టిగా తగులుతాయి. ఇబ్బంది వచ్చేది తప్పు చెప్పినవాళ్లతోనే. పెద్దవాళ్ల ముందు, అల్లుడి ముందు తప్పని తేలితే చిన్నబుచ్చుకుని ఇక వినరు. అందుకే ఇలాంటి ప్రశ్నకి చేతులెత్తించకూడదని నా అభిప్రాయం. మనసులో అనుకోమనండి. ఎవరి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది, ఆశ్చర్యం మాత్రం అందరికీ తగులుతుంది.

గాజువాక_రవి

దీనికి మాత్రం ఒప్పుకోను. మనసులో అనుకోమంటే సగంమంది ఏమీ అనుకోరు. ఫోను చూసుకుంటారు. చెయ్యి ఎత్తితేనే నిర్ణయం తీసుకున్నట్టు.

ఎంవీపీ_సెక్రటరీ

ఇంకో చిన్న సందేహం. మా దగ్గర ప్రెసిడెంట్ గారు, పెద్దలు ముందు వరసలో ఉంటారు. “అధ్యక్షులవారికీ, పెద్దలకీ...” అని మొదలుపెట్టకపోతే బాగోదు. అదంతా అయ్యాక ప్రశ్న వేస్తే చప్పబడదా?

పాత_మాస్టారు

చప్పబడుతుంది. సంబోధన సాగేకొద్దీ జనం ఇది మామూలు ఉపన్యాసమే అనుకుని చెవులు మూసుకుంటారు. “అందరికీ నమస్కారం” అని ఒక్క మాట చాలు. ప్రెసిడెంట్ గారి పేరు చెప్పాల్సి వస్తే చివర్లో, ఏ బస్సులో ఎవరు బాధ్యులో చెప్పేటప్పుడు, పనితో కలిపి చెప్పండి. నమస్కారం అన్నాక వెంటనే మాట్లాడకుండా ఆగండి, గోల సద్దుమణగనివ్వండి. గోలలో వేసిన ప్రశ్న ఎవరికీ చేరదు, రెండోసారి అడిగితే అందులో బలముండదు.

ఎంవీపీ_సెక్రటరీ

ఇలా రాసుకున్నాను, చూడండి.

“అందరికీ నమస్కారం. (ఆగడం) ఇంకో గంటలో మనం యారాడ ఇసుక మీద ఉంటాం. మీ ఎదురుగా ఒక పక్క అలలు నురగలతో విరిగిపడుతున్నాయి. దాని పక్కనే నీళ్లు నిమ్మళంగా, కాస్త నల్లగా ఉన్నాయి. మనిషిని సముద్రంలోకి తీసుకుపోయే దారి ఈ రెండిట్లో ఏది? మనసులో అనుకోండి. (ఆగడం) చాలాసార్లు ఆ నిమ్మళంగా ఉన్నదే. నురగలున్న చోటూ మంచిది కాదు, అక్కడ అల పడేస్తుంది. అంటే మన కంటికి కనిపించేదాన్ని బట్టి ఎక్కడ దిగాలో మనం తేల్చుకోలేం. కాబట్టి ఇవాళ లైఫ్‌గార్డుని అడక్కుండా ఎవరూ నీళ్లలో కాలు పెట్టొద్దు.”

ఆ తర్వాత రిప్ ఎలా ఏర్పడుతుందో రెండు మాటలు, వేగం సంగతి, చిక్కుకుంటే ఏం చెయ్యాలో. చివర్లో బాధ్యుల పేర్లు.

భీమిలి_అల

బాగుంది. ఒక్కటి కలపండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే వాళ్ల వెనక దూకొద్దని గట్టిగా చెప్పండి. కాపాడబోయినవాళ్లే పోతుంటారు. తేలేది ఏదైనా విసరాలి, ఖాళీ నీళ్ల డబ్బాకి మూత పెట్టి విసిరినా పనికొస్తుంది, లైఫ్‌గార్డుని కేకెయ్యాలి. లైఫ్‌గార్డు ఆ సమయానికి లేకపోతే ఎవరూ దిగకూడదు, అంతే.

కంచరపాలెం_సేఫ్టీ

నియమం అర నిమిషం లోపే వచ్చేసింది, అది నాకు నచ్చింది. “మనం తేల్చుకోలేం” అన్న వాక్యం దగ్గర గొంతు పెంచండి. అక్కడి నుంచే నియమం పుడుతోంది.

గాజువాక_రవి

చేతులెత్తించి ఉంటే ఇంకా బాగుండేదని ఇప్పటికీ అంటాను. సెక్రటరీ గారూ, మనసులో అనుకోమన్నప్పుడు ఎంతమంది తల తిప్పి మీకేసి చూశారో గమనించి వచ్చి ఇక్కడ రాయండి.

ఎంవీపీ_సెక్రటరీ

తప్పకుండా రవి గారూ. డబ్బా సంగతి రాసుకున్నాను భీమిలి గారూ. యారాడలో లైఫ్‌గార్డులు ఏ వేళల్లో ఉంటారో రేపు వెళ్లి కనుక్కుని వస్తాను, అది తెలియకుండా ఆ వాక్యం చెప్పలేను.